దారిని మరిచిపోయే చెట్టు: యూనియన్ ఫైండ్‌లో పాత్ కంప్రెషన్ ఎలా పనిచేస్తుంది

ఒక డయాగ్నొస్టిక్ సెంటర్ ఉందనుకుందాం. నాలుగు శాఖలు, పదేళ్ల రికార్డులు, మొత్తం పది లక్షల రిజిస్ట్రేషన్లు. ఒకావిడ మొదటిసారి వచ్చినప్పుడు "కె. లక్ష్మి" అని రాయించుకుంది, భర్త ఫోన్ నంబరు ఇచ్చింది. రెండోసారి వేరే శాఖకు వెళ్లి "లక్ష్మి కొండూరు" అంది. నంబరు అదే, కానీ ఈసారి రిపోర్టు కోసం ఈమెయిల్ కూడా ఇచ్చింది. మూడోసారి సొంత ఫోన్ నంబరు, పాత ఈమెయిల్. మొదటి రికార్డుకూ మూడో రికార్డుకూ మధ్య కలిసే వివరం ఒక్కటీ లేదు. అయినా రెండూ ఆవిడవే, ఎందుకంటే మధ్యలో రెండో రికార్డు ఉంది.

పది లక్షల రికార్డుల్లో ఎవరెవరివి ఒకటో తేల్చడమంటే ఇదే పని. ఈ రెండూ ఒకరివే అన్న సమాచారం జంటలు జంటలుగా వస్తూ ఉంటుంది. ఒకటీ రెండూ కలిస్తే, రెండూ మూడూ కలిస్తే, ఒకటీ మూడూ వాటంతట అవే కలిసిపోవాలి. అలా కలుపుతూనే, ఫలానా రెండు రికార్డులు ఇప్పుడు ఒకే గ్రూపులో ఉన్నాయా అని ఎప్పుడడిగినా వెంటనే జవాబు రావాలి.

మొదట తట్టే పద్ధతి ప్రతి రికార్డు పక్కన ఒక గ్రూపు నంబరు రాసుకోవడం. అడిగితే జవాబు తేలికే, రెండు నంబర్లు పోల్చి చూస్తే చాలు. చిక్కంతా కలపడంలో ఉంది. 40వ గ్రూపు, 75వ గ్రూపు ఒకటే అని తేలిన క్షణాన 75 అని రాసి ఉన్న ప్రతిచోటా కొట్టేసి 40 అని రాయాలి. అందుకోసం పది లక్షల గడులూ వెతకాలి. అలాంటి కలయికలు లక్షల్లో ఉంటే ప్రోగ్రాం సాయంత్రానికి కూడా తెమలదు.

యూనియన్ ఫైండ్ దీన్ని తిరగేసి చూస్తుంది. ప్రతి రికార్డూ తన గ్రూపు నంబరును కాకుండా, తన గ్రూపులోనే ఇంకొక రికార్డును చూపిస్తుంది. అదే దాని పేరెంట్. ఆ పేరెంట్ ఇంకొకదాన్ని చూపిస్తుంది. అలా పోగా పోగా ఒకచోట తనను తానే చూపించుకునే రికార్డు వస్తుంది. అది రూట్, ఆ గ్రూపుకు పెద్ద. రెండు రికార్డులు ఒకే పెద్ద దగ్గరికి చేరితే ఒకే గ్రూపు. రెండు గ్రూపులను కలపాలంటే ఒక పెద్ద రెండో పెద్దను చూపిస్తే చాలు, మారేది ఒకే ఒక్క గడి. కలపడం చవకైపోయింది. అయితే ఖర్చు ఎక్కడికీ పోలేదు, అడగడంలోకి జరిగింది. ఇప్పుడు ప్రతి ప్రశ్నకూ రూట్ దాకా నడవాలి.

ఆ నడక ఎంత పొడుగవుతుంది? అంతా కలిపే వరుసను బట్టి ఉంటుంది. మొదటి గ్రూపు రూట్‌ను రెండో గ్రూపు రూట్ కింద పెట్టడమే నియమం అనుకుందాం. 0ని 1తో, తర్వాత 1ని 2తో, తర్వాత 2ని 3తో కలుపుతూ పోతే 0 ఒకటిని చూపిస్తుంది, 1 రెండును చూపిస్తుంది, 2 మూడును. చెట్టు కాస్తా గొలుసవుతుంది. పది లక్షల రికార్డులు ఇలా వరుసగా వస్తే 0 నుంచి రూట్‌కు 9,99,999 అడుగులు. ప్రతి రికార్డు గురించీ ఒక్కసారి అడిగితే మొత్తం అడుగులు సుమారు 50,000 కోట్లు. ఈ వరుస అరుదేమీ కాదు. తేదీ ప్రకారం పేర్చిన డేటాలో ప్రతి రికార్డునూ దాని ముందుదానితో పోల్చుకుంటూ పోతే వచ్చేది సరిగ్గా ఇదే.

ఒకసారి తిరిగినవాడు బోర్డు పెడితే

ఆఫీసులో సర్టిఫికెట్ కోసం వెళ్లినవాడి అవస్థ అందరికీ తెలిసిందే. మొదటి టేబుల్ దగ్గర "ఆయన్ని అడగండి" అంటారు. ఆయన్ని అడిగితే పక్క గది చూపిస్తారు. పక్క గదిలో మేడ మీదికి వెళ్లమంటారు. చివరికి సంతకం పెట్టే మనిషి ఏడో టేబుల్ దగ్గర దొరుకుతాడు. ఇప్పుడు ఆ తిరిగినవాడే వెనక్కి వస్తూ దారిలో తగిలిన ప్రతి టేబుల్ మీదా "సంతకానికి నేరుగా ఏడో టేబుల్" అని చీటీ అంటించి వెళ్లాడనుకోండి. అతనికి శ్రమ రెట్టింపయింది. తర్వాత వచ్చినవాళ్లు మాత్రం ఏ టేబుల్ దగ్గర మొదలుపెట్టినా ఒక్క అడుగులో చేరతారు.

పాత్ కంప్రెషన్ అంటే అంతే. రూట్ ఎవరో తెలిశాక, నడిచిన దారిలోని ప్రతి నోడ్ పేరెంట్‌నూ చెరిపేసి అక్కడ రూట్ అని రాయడం. మొత్తం రికార్డుల సంఖ్య `n` అనుకుని పైథాన్‌లో రాస్తే ఇలా ఉంటుంది:

```python
parent = list(range(n))
size = [1] * n

def find(x):
    root = x
    while parent[root] != root:
        root = parent[root]
    while parent[x] != root:
        nxt = parent[x]
        parent[x] = root
        x = nxt
    return root
```

మొదటి `while` నడక, రెండో `while` చీటీలు అంటించడం. పై గొలుసు మీద `find(0)` ఒక్కసారి పిలిస్తే పది లక్షల అడుగుల నడక, మళ్లీ అన్నే రాతలు. ఆ తర్వాత ప్రతి రికార్డూ రూట్‌కు ఒక్క అడుగు దూరంలో ఉంటుంది. అన్నింటినీ ఒక్కోసారి అడిగితే 50,000 కోట్ల అడుగులు కావలసినచోట నడకా రాతా కలిపి సుమారు 30 లక్షలతో పని అయిపోతుంది.

చాలా పుస్తకాల్లో ఇదే ఫంక్షన్‌ను `parent[x] = find(parent[x])` అని రికర్షన్‌తో ఒక్క లైన్‌లో రాస్తారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, పదిమంది పేర్లతో పరీక్షిస్తే చక్కగా నడుస్తుంది కూడా. కానీ పైథాన్‌లో రికర్షన్ లోతుకు మామూలుగా ఉండే హద్దు 1000. గొలుసు అంతకు మించి పొడుగైతే `RecursionError` వచ్చి ప్రోగ్రాం ఆగిపోతుంది. పాత్ కంప్రెషన్ ఉంది కదా, అంత గొలుసు ఎందుకు పెరుగుతుంది అని అనిపించవచ్చు. పెరుగుతుంది. పై వరుసలో ప్రతిసారీ `find` పిలిచేది రూట్ మీదే, అంటే నడిచే దారే లేదు, కుదించడానికి ఏమీ లేదు. నడిచిన దారే కుదించుకుపోతుంది, నడవని దారి అలాగే ఉంటుంది. అందుకే పెద్ద డేటాకు పైన ఇచ్చిన రెండు లూపుల రూపమే మేలు.

చిన్నది పెద్దదాని కిందికి

గొలుసు పెరగకుండా ముందే ఆపే ఉపాయం ఇంకొకటి ఉంది. ఎవరి కింద ఎవరిని పెట్టాలన్నది ఇష్టం వచ్చినట్టు కాకుండా, తక్కువమంది ఉన్న గ్రూపును ఎక్కువమంది ఉన్న గ్రూపు కింద పెట్టడం.

```python
def union(a, b):
    a, b = find(a), find(b)
    if a == b:
        return False
    if size[a] < size[b]:
        a, b = b, a
    parent[b] = a
    size[a] += size[b]
    return True
```

ఒక నోడ్ రూట్ నుంచి ఇంకో అడుగు దూరం జరిగిందంటే దాని గ్రూపు తనకన్నా చిన్నది కాని గ్రూపు కింద చేరిందన్నమాట. అంటే కలిసిన గ్రూపు కనీసం రెట్టింపయింది. ఒకటితో మొదలై పది లక్షలు దాటకుండా రెట్టింపులు 19 సార్లకు మించి జరగవు. కాబట్టి ఏ నడకా 19 అడుగులు దాటదు. ఈ ఒక్క నియమంతోనే చాలా ప్రోగ్రాములు హాయిగా నడుస్తాయి. పాత్ కంప్రెషన్ లేకపోతే యూనియన్ ఫైండ్ పనికిరాదన్నట్టు కొందరు చెప్తుంటారు కానీ అది నిజం కాదు.

రెండూ కలిస్తే ఏం జరుగుతుందో ఎనిమిది రికార్డులతో చూద్దాం. 0, 1 రికార్డుల ఫోన్ ఒకటే. 2, 3 రికార్డుల ఈమెయిల్ ఒకటే. అలాగే 4, 5 ఒక జంట, 6, 7 ఒక జంట. పై `union` ప్రకారం రెండు గ్రూపులూ సమానమైతే రెండోది మొదటిదాని కిందికి పోతుంది. కాబట్టి 1 సున్నాను, 3 రెండును, 5 నాలుగును, 7 ఆరును చూపిస్తాయి.

తర్వాత 1, 3 ఒకరివే అని తెలిసింది. వాటి రూట్లు 0, 2. రెండూ చెరి ఇద్దరి గ్రూపులు, కాబట్టి 2 వెళ్లి 0 కింద చేరింది. అలాగే 5, 7 కలిసి 6 వెళ్లి 4 కింద చేరింది. ఇప్పుడు చెరి నలుగురితో రెండు గ్రూపులు.

చివరగా 3, 7 కలిశాయి. `find(3)` నడక 3 నుంచి 2కు, 2 నుంచి 0కు. రూట్ 0 అని తేలింది కాబట్టి ఇకమీదట 3 నేరుగా 0ను చూపిస్తుంది. `find(7)` నడక 7, 6, 4. ఇకమీదట 7 నేరుగా 4ను చూపిస్తుంది. ఆ తర్వాత 4 వెళ్లి 0 కింద చేరింది. `parent` ఇప్పుడు ఇలా ఉంటుంది:

```
index:  0 1 2 3 4 5 6 7
parent: 0 0 0 0 0 4 4 4
```

కుదింపు లేకపోతే 7 నుంచి రూట్‌కు మూడు అడుగులు ఉండేవి, ఇప్పుడు రెండే. ఇంకోసారి `find(7)` పిలిస్తే 7 కూడా 0 కిందికి వస్తుంది. 5, 6 మాత్రం నాలుగు కిందే ఉండిపోతాయి, ఎందుకంటే వాటిని ఎవరూ అడగలేదు. చెట్టు మొత్తాన్ని చదును చేయడం దీని ఉద్దేశం కాదు. జనం నడిచే దారులే బాగుపడతాయి.

ఖర్చు ఐదారు అడుగులకు ఎలా దిగింది

19 అడుగుల హద్దు ముందే ఉంది. కుదింపు వల్ల అది సగటున ఎంతకు దిగుతుంది? ఈ లెక్క తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈ చెట్ల పద్ధతిని బెర్నార్డ్ గాలర్, మైఖేల్ ఫిషర్ 1964లో ప్రచురించారు. అప్పటి అవసరం కంపైలర్లది. ఫోర్ట్రాన్‌లో `EQUIVALENCE` అని రాస్తే రెండు వేరియబుళ్లు ఒకే మెమరీ చోటును పంచుకుంటాయి. A, B ఒకటే అనీ, B, C ఒకటే అనీ ఉంటే మూడింటికీ ఒకే చోటు ఇవ్వాలి. లక్ష్మి గారి రికార్డుల చిక్కు కూడా అదే. దాని ఖర్చు మీద గట్టి హద్దును హాప్‌క్రాఫ్ట్, ఉల్మన్ 1973లో ఇచ్చారు. రాబర్ట్ టార్జన్ 1975లో దాన్ని ఇంకా బిగించాడు.

1973 నాటి హద్దు వెనక ఉన్న ఆలోచన కాగితం మీద వేసుకోగలిగేదే. ఒక్కో నోడ్‌కూ ఒక స్థాయి ఇద్దాం. కుదింపు అసలు చేయకుండా వదిలేసి ఉంటే చివరికి ఆ నోడ్ కింద చెట్టు ఎంత ఎత్తు ఉండేదో అదే దాని స్థాయి. ఆకుకు 0. దీనికి రెండు గుణాలున్నాయి. పేరెంట్ స్థాయి ఎప్పుడూ పిల్ల స్థాయి కన్నా ఎక్కువే, కుదింపు తర్వాత వచ్చిన కొత్త పేరెంట్ స్థాయి పాత పేరెంట్ కన్నా ఇంకా ఎక్కువ. రెండోది, స్థాయి 5 ఉన్న నోడ్ కింద ఆ కుదించని చెట్టులో కనీసం 2⁵ అంటే 32 మంది ఉంటారు. కాబట్టి పది లక్షల్లో స్థాయి 5 నోడ్‌లు పది లక్షల్లో 32వ వంతుకు మించవు, స్థాయి 6 నోడ్‌లు 64వ వంతుకు మించవు. పైకి పోయేకొద్దీ జనం సగం సగం తగ్గిపోతారు.

ఇప్పుడు స్థాయిలను మెట్లుగా విడదీద్దాం. 0, 1 ఒక మెట్టు. 2 ఒక మెట్టు. 3, 4 ఒకటి. 5 నుంచి 16 దాకా ఒకటి. 17 నుంచి 65,536 దాకా ఒకటి. ఒక మెట్టు k దగ్గర ముగిస్తే తర్వాతి మెట్టు 2ᵏ దగ్గర ముగుస్తుంది. పది లక్షల రికార్డులకు స్థాయి 19 దాటదు కాబట్టి మొత్తం ఐదు మెట్లే.

ఒక నడకలో అడుగులు రెండు రకాలు. కొన్ని అడుగులు ఒక మెట్టు నుంచి పై మెట్టుకు పడతాయి. ఐదే మెట్లు కాబట్టి ఒక నడకలో అలాంటివి నాలుగుకు మించవు. రూట్‌ను చేరే చివరి అడుగును దీనికి కలుపుకుంటే ఐదు. మిగిలినవి ఒకే మెట్టు లోపల పడే అడుగులు. ఇవి ఒక నడకలో ఎక్కువగానే ఉండొచ్చు. కానీ అలాంటి అడుగు పడిన ప్రతిసారీ ఆ నోడ్‌కు అంతకన్నా పై స్థాయి పేరెంట్ దొరుకుతుంది. కొన్నాళ్లకు పేరెంట్ పై మెట్టుకు వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఆ నోడ్ ఖాతాలో ఈ రకం ఖర్చు ఇక పడదు.

5 నుంచి 16 మెట్టునే తీసుకుంటే, అక్కడ ఉండే నోడ్‌లు అన్నీ కలిపి 16వ వంతుకు మించవు, అంటే పది లక్షల్లో 62,500. ఒక్కోదాని పేరెంట్ ఆ మెట్టు లోపల మారగలిగేది 16 సార్లలోపే. 62,500ను 16తో గుణిస్తే పది లక్షలు. ఎన్ని కోట్ల ప్రశ్నలడిగినా ఆ మెట్టు లోపలి ఖర్చు జీవితకాలంలో పది లక్షల అడుగులు దాటదు. చివరి మెట్టులోనైతే ఉండే నోడ్‌లు పదిహేనుకు మించవు. మిగతా మెట్లకూ హద్దు పది లక్షలే. మొత్తం మీద ప్రశ్నకు ఐదు అడుగులు, దాని మీద ఎప్పటికీ కలిపి యాభై లక్షలకు మించని అదనం.

ఈ మెట్ల సంఖ్యనే లాగ్ స్టార్ అంటారు. టార్జన్ హద్దులో దీని స్థానంలో ఇంకా నెమ్మదిగా పెరిగే ఆకర్మన్ ఫంక్షన్ విలోమం ఉంటుంది, దాని గుర్తు α. మనిషి దాచగలిగిన ఏ డేటాకైనా అది 5కు లోపే. అక్షరాలా స్థిరమైన ఖర్చుతో ఈ పని చేయడం కుదరదని ఫ్రెడ్‌మన్, సాక్స్ 1989లో నిరూపించారు, కాబట్టి ఇంతకన్నా గీకడానికి ఏమీ మిగల్లేదు. ఒక హెచ్చరిక: ఇది మొత్తం మీద వచ్చే సగటు. ఏదో ఒక్క ప్రశ్నకు 19 అడుగులు పడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

రికార్డులు అతుక్కుపోయినప్పుడు

ఇక అసలు డేటాకు వద్దాం. ఫోన్ నంబరు ఆధారంగా కలిపే కోడ్ చిన్నదే:

```python
seen = {}
for i, ph in enumerate(phones):
    if ph in seen:
        union(i, seen[ph])
    else:
        seen[ph] = i
```

ఈమెయిల్‌కు కూడా ఇంకో `seen` పెట్టుకుని, ఈమెయిల్ లేని రికార్డులను దాటేస్తూ ఇలాగే తిప్పాలి. పది లక్షల రికార్డులకు కొన్ని సెకన్లలో అయిపోతుంది. అయిపోయాక మొట్టమొదట చూడాల్సింది అన్నింటికన్నా పెద్ద గ్రూపులో ఎంతమంది ఉన్నారన్నది. లక్ష్మి గారికి పదేళ్లలో పాతిక రికార్డులుంటే నమ్మొచ్చు. కానీ ఒక గ్రూపులో 40,000 రికార్డులు కనిపిస్తే అక్కడ ఉన్నది ఒక మనిషి కాదు.

కారణం దాదాపు ఎప్పుడూ కౌంటర్ దగ్గరే దొరుకుతుంది. నంబరు చెప్పని పేషెంట్లందరికీ రిసెప్షన్‌లో పది తొమ్మిదులు కొట్టి ఉంటారు. ఊళ్లో హెల్త్ క్యాంపు పెడితే వచ్చిన మూడొందల మందికీ ఆశా కార్యకర్త తన నంబరే ఇచ్చి ఉంటుంది. ఆ మూడొందల మందిలో ఒకరికి సొంత ఈమెయిల్ కూడా ఉంటే, ఆ ఈమెయిల్ ద్వారా ఇంకో కుటుంబం, వాళ్ల ఫోన్ ద్వారా మరో కుటుంబం వచ్చి తగులుకుంటాయి. ఒక్క తప్పు లింకు రెండు గ్రూపులను పూర్తిగా కలిపేస్తుంది. సగం కలపడం అనేది యూనియన్ ఫైండ్‌కు తెలియదు. అందుకే కలిపే ముందే ఒక్కో నంబరు ఎన్ని రికార్డుల్లో ఉందో లెక్కపెట్టి, మామూలు కుటుంబానికి మించి కనిపించేవాటిని పక్కన పెట్టాలి. హద్దు ఆరా, పదా అన్నది డేటా చూసి తేల్చుకోవాల్సిందే.

పెద్ద గ్రూపు కనిపించగానే ఎవరైనా చేసే పని, అందులో వింతగా ఉన్న ఒక రికార్డును పట్టుకుని, ఇది ఇక్కడికెలా వచ్చిందని `parent` చూడటం. పాత్ కంప్రెషన్ దెబ్బ తగిలేది ఇక్కడే. పై ఉదాహరణలో ఇంకోసారి `find(7)` పిలిచాక 7 పేరెంట్ 0. కానీ 7వ రికార్డుకూ 0వ రికార్డుకూ ఉమ్మడి ఫోనూ లేదు, ఈమెయిలూ లేదు. ఆ బంధం 7 నుంచి 3కు, 3 నుంచి 1కి, 1 నుంచి 0కు వచ్చింది. `parent` పట్టీలో ఆ దారి జాడే లేదు. నడకను కుదించడమంటే దారిని చెరిపేయడమే. వేగం అక్కడి నుంచే వచ్చింది, కాబట్టి `parent` నుంచి కారణం అడగడం వృథా. కారణం కావాలంటే `union` నిజం అని తిరిగిచ్చిన ప్రతిసారీ ఆ జంటనూ, ఏ ఫోన్ లేదా ఈమెయిల్ వల్ల కలిసిందో ఆ విలువనూ విడిగా ఒక జాబితాలో రాసుకోవాలి. ఒక గ్రూపులో m మంది ఉంటే అలాంటి జంటలు సరిగ్గా m−1 ఉంటాయి. ఎనిమిది రికార్డులకు ఏడు జంటలు, పైన జరిగినవీ ఏడే. ఏ రెండు రికార్డుల మధ్యనైనా ఈ జంటల మీదుగా ఒకే ఒక్క దారి ఉంటుంది కాబట్టి, తప్పు లింకు ఆ దారిలోనే దొరుకుతుంది.

ఈ జాబితా ఇంకోదానికీ పనికొస్తుంది. మొత్తం రికార్డుల్లోంచి విజయవంతమైన కలయికల సంఖ్య తీసేస్తే మిగిలిన గ్రూపులు ఎన్నో తెలుస్తుంది. అన్ని రూట్ల `size` కూడితే మొత్తం రికార్డుల సంఖ్య రావాలి. ఈ రెండు లెక్కల్లో ఏది తప్పినా కోడ్‌లో పొరపాటు ఉన్నట్టే. ఎక్కువగా కనిపించే పొరపాటు రూట్లను వెతక్కుండా నేరుగా `parent[a] = b` అని రాసేయడం. అలా చేస్తే, a రూట్ కానప్పుడు తన కింద ఉన్నవాళ్లను మాత్రమే తీసుకుని పాత గ్రూపును వదిలేసి వెళ్లిపోతుంది, మిగతావాళ్లు వెనకే ఉండిపోతారు. ఇంకొకటి, చివర్లో గ్రూపులు లెక్కపెట్టేటప్పుడు `find(i)` బదులు `parent[i]` వాడటం. పై పట్టీలో `parent` విలువలు 0, 4 అని రెండు రకాలు కనిపిస్తాయి, కానీ గ్రూపు ఒక్కటే. రూట్ కాని నోడ్ `size` చదవడం కూడా అలాంటిదే. అది ఆ నోడ్ రూట్‌గా ఉన్న రోజుల నాటి పాత అంకె.

సర్వర్‌లో పెట్టేటప్పుడు ఎదురయ్యే చిక్కు ఇంకొకటి. `find` పేరు చూస్తే చదివే ఫంక్షన్‌లా ఉంటుంది, నిజానికది రాస్తుంది. చదివేవాళ్లు ఎంతమందైనా ఒకేసారి రావచ్చని రీడ్ లాక్ పెట్టి వదిలేస్తే, రెండు థ్రెడ్‌లు ఒకే పట్టీలో ఒకేసారి రాస్తుంటాయి. రికార్డులన్నీ కలపడం ముగిశాక ప్రతి నోడ్‌కూ ఒకసారి `find` పిలిచి, ఆ రూట్‌లను వేరే పట్టీలోకి ఎత్తి, సర్వర్‌కు ఆ పట్టీనే ఇవ్వడం సులువు.

విడదీయాల్సి వస్తే

కలిపినదాన్ని విడదీసే మార్గం ఈ నిర్మాణంలో లేదు. ఆశా కార్యకర్త నంబరు తప్పని తర్వాత తేలితే, ఆ లింకును ఒక్కదాన్నే తీయలేం. ఆ నంబరును తీసేసి మళ్లీ మొదటి నుంచీ కట్టడమే దారి. సెకన్లలో అయ్యే పనికి అది పెద్ద బాధేమీ కాదు. లింకుల అసలు జాబితా పారేసుకుని, `parent` ఒక్కటే భద్రపరచుకున్నవాళ్లకే ఇబ్బంది.

అయితే కొన్ని పనుల్లో చివరి కలయికను వెనక్కి తీయడం పదేపదే అవసరమవుతుంది. ఈ లింకు ఉంటే గ్రూపులు ఎలా ఉంటాయి, తీసేస్తే ఎలా ఉంటాయి అని ఒక్కోదాన్నీ పెట్టి, చూసి, తీసేసే పరిస్థితి అలాంటిదే. అప్పుడు పాత్ కంప్రెషన్‌ను వదులుకోవడమే తెలివి. ఒక్క `find` 18 గడుల దాకా మార్చి ఉండొచ్చు, అవన్నీ పాత విలువలతో గుర్తుపెట్టుకుంటేగానీ వెనక్కి వెళ్లలేం. కుదింపు లేకపోతే ఒక `union` మార్చేది రెండే గడులు: `parent[b]`, `size[a]`. `b`ని ఒక స్టాక్‌లో వేసుకుంటే, వెనక్కి తీసేటప్పుడు `parent[b]` చెప్పే `a` నుంచి `size[b]` తీసేసి, `b`ని మళ్లీ తనకు తానే రూట్‌ను చేస్తే సరిపోతుంది. చిన్నదాన్ని పెద్దదాని కింద పెట్టే నియమం ఉంది కాబట్టి నడక 19 అడుగుల్లోపే ఉంటుంది. `find`లోని రెండో `while` లూపును మాత్రం తీసేయాలి.